ఏది ఆగిందో చెప్పని వారపు నివేదిక

పెద్ద నిర్మాణాల మీద వారానికొకసారి పై అధికారులకు అందే ప్రగతి నివేదిక పని ఎంత అయిందన్న ప్రశ్నకు శాతాల్లో జవాబు చెబుతుంది గాని, ఏ పని ఏ కారణంగా ఆగింది, దాన్ని కదిలించవలసినవారెవరు అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ‘పురోగతిలో ఉంది’, ‘చర్యలు తీసుకుంటున్నారు’, ‘తుది దశకు చేరింది’ అన్న మాటల చాటుకు తప్పుకుంటుంది. ఈ అలవాటు మంచిచెడ్డలు విచారించడానికి గోదావరి జిల్లాల వారికి పోలవరం కంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. 2014 తర్వాతి అయిదేళ్లలో ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు సోమవారానికి ‘పోలవారం’ అని పేరు పెట్టి వారం వారం ఆ ప్రాజెక్టును సమీక్షించారు. ముఖ్యమంత్రి స్థాయిలో ఒకే కట్టడం మీద అంత క్రమం తప్పని వారపు సమీక్ష అరుదు కనుక, వారపు నివేదిక చేయగలిగిందేమిటి, చేయలేనిదేమిటి అన్నది అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కింది సంవాదంలో మాట్లాడేవారు రెండు దృక్పథాలకు ప్రతినిధులు. ఒకరు డెల్టా కాలువల మీద, లాకుల మీద ఉద్యోగమంతా గడిపి ధవళేశ్వరంలో స్థిరపడిన విశ్రాంత ఇంజినీరు. శాతాల నివేదికను సమర్థించేది ఆయనే. రెండోవారు వరసకు ఆయన అన్న కొడుకు, ఒక నిర్మాణ సంస్థలో పనుల ప్రణాళిక చూసే ఉద్యోగి. అడ్డంకిని పేరుపెట్టి రాయాలన్నది అతని పక్షం.

ఇంజినీరు: శాతాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకు, అబ్బాయ్. ఎక్కడో రాజధానిలో కూర్చుని ఇరవై ప్రాజెక్టులు చూసే మనిషికి ఒక్కో పనిలో ఇసుక ఎక్కడిది, ఇనుము ఎక్కడిది అని చదివే తీరిక ఉండదు. పోయిన వారం 61, ఈ వారం 63 అంటే పని నడుస్తోందని అర్థం; 61 దగ్గరే ఉంటే పిలిచి అడుగుతాడు. ఇంత పొట్టిగా, ఇంత సులువుగా పోల్చుకోవడానికి వీలయ్యే కొలత మరొకటి ఏదీ?

ప్రణాళికాధికారి: ఆ శాతం ఎక్కడినుంచి పుడుతుందో మీకు తెలియనిది కాదు, బాబాయిగారూ. జరిగిన పనిని కొలిచి, దాని ప్రకారం బిల్లు చెల్లించడానికి రాసే ఎం-బుక్కు, అంటే కొలతల పుస్తకం ఉంది కదా, అందులోని పరిమాణాలను మొత్తం అంచనాతో భాగిస్తే వచ్చేదే ఆ శాతం. అందుచేత అది చెప్పేది ఎంత పనికి డబ్బు ముట్టవచ్చునో తప్ప, కట్టడం ఎప్పటికి నిలబడుతుందో కాదు. ఏ పనికైనా డబ్బు ఎక్కువ, చిక్కు తక్కువ ఉన్న భాగాలు కొన్ని ఉంటాయి. గుత్తేదారు సహజంగా వాటినే ముందు చేస్తాడు, శాతం పరుగెత్తుతుంది. డబ్బు తక్కువ, చిక్కు ఎక్కువ ఉన్న భాగం వెనకపడుతుంది, అది ఆగినా శాతానికి తెలియదు.

ఇంజినీరు: మాటవరసకు బాగానే ఉంది. ఒక ఉదాహరణ చూపించు.

ప్రణాళికాధికారి: మీరు చూసిన పనే తీసుకుందాం. డెల్టాలో ఒక లాకు పునర్నిర్మాణం మంజూరైందనుకోండి. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసి, సార్వాకు మళ్లీ నీళ్లు వదిలేదాకా ఉన్న కొద్ది వారాల్లోనే ఆ పని చేయాలి. ఏప్రిల్ రెండో వారపు నివేదికలో ఇలా ఉంటుంది: ‘లాకు పనులు 40 శాతం పూర్తయ్యాయి. మిగిలిన పనులు పురోగతిలో ఉన్నాయి. సంబంధిత శాఖలతో సంప్రదింపులు జరుగుతున్నాయి.’ ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. షట్టర్లు వర్క్‌షాపులో తయారయ్యాయి, కంకర, ఇనుము గట్టుమీదికి చేరాయి, వాటి విలువ కలిపితే 40 శాతం తేలింది. కాని కాలువలో ఒక్క బొచ్చె కాంక్రీటు పడలేదు, కాలువ ఇంకా పారుతూనే ఉంది.

ఇంజినీరు: శివారు చేలకు ఇంకో తడి అడిగి ఉంటారు. ప్రతి ఏడూ ఉన్నదే.

ప్రణాళికాధికారి: ఆ సంగతి మీకు చదవకుండానే తెలిసింది, ఎందుకంటే మీరు ఆ గట్టు మీద తిరిగినవారు. పైన చదివేవారికి తెలియదు. అదే నివేదికను ఇలా రాయవచ్చు: ‘ఈ వారం కాలువలో పని మొదలు కాలేదు, ఎందుకంటే కాలువ కట్టలేదు. శివారు ఆయకట్టులో దాళ్వా వరి ఇంకా గింజ పట్టే దశలో ఉంది, రైతులు మరో తడి అడుగుతున్నారు. కాలువ మూసే తేదీ నిర్ణయించవలసింది కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా సాగునీటి సలహామండలి. పునాది కాంక్రీటుకు, అది గట్టిపడటానికి కలిపి 40 రోజులు కావాలి. ఏప్రిల్ 20 నాటికి కాలువ కట్టకపోతే జూన్ 1లోపు అవి దొరకవు. అప్పుడు ఈ ఏడు షట్టర్లు మాత్రం మార్చి, పునాదిని వచ్చే ఏటికి వదిలేయాలి. షట్టర్లు, సామగ్రి సిద్ధంగా ఉన్నాయి.’ మొదటి నివేదిక చదివిన కలెక్టరు సంతకం పెట్టి పక్కన పెడతారు. రెండోది చదివితే ఆ వారమే సలహామండలిని పిలవాలా వద్దా అన్నది ఆయన తేల్చుకోవలసి వస్తుంది.

ఈ రెండో నివేదికలో ఉన్న అంశాలను గమనించవలసి ఉంది. ఆగిన పని ఏదో ఉంది, కారణం ఉంది, నిర్ణయం చేయవలసిన చోటు ఉంది, తేదీ ఉంది. అన్నిటికీ మించి, ఆ తేదీ దాటితే ఏమి కోల్పోతారో, ఏమి మిగులుతుందో ఉంది. సాధారణంగా నివేదికల్లో అడ్డంకి పేరు వరకైనా కనిపిస్తుంది గాని, ఈ చివరి అంశం దాదాపు ఎప్పుడూ కనిపించదు. అది లేనప్పుడు అడ్డంకి అన్నది ఒక ఫిర్యాదుగా మాత్రమే వినిపిస్తుంది. అది ఉన్నప్పుడు చదివేవారి ముందు ఒక ఎంపిక నిలుస్తుంది.

ఇంజినీరు: చిన్న పనిలో కుదిరింది పెద్ద పనిలో కుదరాలని లేదు. పోలవరం సంగతి చెప్పు. అక్కడ ప్రతి సోమవారం ముఖ్యమంత్రే కూర్చున్నాడు కదా, ఇంకెవరికి చెప్పాలి?

ప్రణాళికాధికారి: అక్కడ పనులు ఒకదానిమీద ఒకటి ఎలా ఆధారపడ్డాయో ముందు చూడాలి. నది అడుగున ఇసుక పొరల్లోంచి నీరు ఊరిపోకుండా రాతి పొరదాకా దింపే కాంక్రీటు గోడను డయాఫ్రం వాల్ అంటారు. దాని మీద ప్రధాన ఆనకట్ట లేవాలి. ఆ ఆనకట్ట కట్టే చోటికి నది రాకుండా ఎగువన, దిగువన వేసే తాత్కాలిక కట్టలు కాఫర్ డ్యామ్‌లు. వాటితో నదిని ఆపితే నీరు పోవడానికి మరో దారి కావాలి. అది 48 గేట్ల స్పిల్‌వే. అది పూర్తికాక ముందే కాఫర్ డ్యామ్ మూసేస్తే వరదకు దారి ఉండదు. స్పిల్‌వే పూర్తయినా, కాఫర్ డ్యామ్ పూర్తి ఎత్తుకు లేస్తే దాని ఎగువన ముంపులోకి వచ్చే ఊళ్లను ముందుగా ఖాళీ చేయించి, వాళ్లకు పునరావాసం చూపాలి.

ఇంజినీరు: ఇదంతా అప్పట్లో పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు.

ప్రణాళికాధికారి: వరస తెలుసు. కాని ప్రతి వారం వినిపించిన లెక్క మరొకటి. 2018 జూన్‌లో డయాఫ్రం వాల్ పూర్తయిందన్నారు. 2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. ఇంజినీర్లూ కూలీలూ రాత్రంతా నిలబడి చేసిన ఆ పనిని చిన్నచూపు చూడటం తప్పు. కాంక్రీటు శాతం లెక్కలో ఆ నెల ఎంతో గొప్ప నెల. అయినా ఆ ఏడు వానాకాలం వచ్చేసరికి ఎగువ కాఫర్ డ్యామ్ పూర్తిగా మూసుకోలేదు, ఖాళీలు మిగిలాయి. విశాలమైన నది ఆ ఇరుకు ఖాళీల్లోంచి పారవలసి వచ్చింది. ఆ తర్వాతి వరదల్లో నది అడుగు కోసుకుపోయి పెద్ద అగాధాలు పడ్డాయి, డయాఫ్రం వాల్ దెబ్బతింది. నదిని స్పిల్‌వే మీదికి మళ్లించింది 2021 జూన్‌లో. అంటే ఆ మధ్య కాలమంతా ప్రాజెక్టు భవిష్యత్తును నిర్ణయించింది ఎంత కాంక్రీటు పడిందన్నది కాదు, వాన రాకముందు ఆ ఖాళీ మూయగలమా లేదా అన్నది.

ఇంజినీరు: దాన్ని ఒక పక్షం మీదికి నెట్టకు. స్పిల్‌వే పూర్తికాకముందే కాఫర్ డ్యామ్ మొదలుపెట్టడం తప్పని ఒకరంటారు, 2019లో ప్రభుత్వం మారి గుత్తేదారుని మార్చడంతో పని నిలిచిపోవడమే కారణమని మరొకరంటారు.

ప్రణాళికాధికారి: ఆ తగవు ఇక్కడ తేలదు, తేల్చవలసిన పనీ లేదు. అసలు విషయం ఏమిటంటే, ఆ తగవు ఇన్నేళ్లు సాగడానికే ఒక కారణం శాతాలు. ‘వానాకాలానికి ముందు ఖాళీ మూయాలంటే ఫలానా ఎత్తు కింద ఉన్న ఊళ్లు ఫలానా తేదీకి ఖాళీ కావాలి, స్పిల్‌వే ఫలానా మట్టానికి లేవాలి, లేకపోతే ఈ ఏడు కట్ట ఎత్తు పెంచడం ఆపి, ఉన్న కట్టను, కింద ఉన్న గోడను కాపాడే పని మొదలుపెట్టాలి’ అని వారం వారం అందరి ముందూ ఒక వాక్యం నిలబడి ఉంటే, ఏ వారం ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో తర్వాత వాదించుకోనక్కరలేదు.

ఇంజినీరు కాసేపు వాదన మార్గం మార్చవలసి వచ్చింది. శాతం గుడ్డిదన్న మాటను ఒప్పుకున్నా, అడ్డంకిని పేరుపెట్టి రాయడం వల్ల వచ్చే నష్టాలు శాతం వల్ల వచ్చే నష్టం కంటే ఎక్కువని ఆయన అభిప్రాయం. ఈ అభిప్రాయానికి బలం లేకపోలేదు.

ఇంజినీరు: నువ్వు చెప్పే పుస్తకం ఇప్పటికే ఉంది. హిండరెన్స్ రిజిస్టరు, అంటే అవరోధాల పుస్తకం. పని ఏ తేదీన ఏ కారణంగా ఆగింది, ఏ తేదీన అడ్డు తొలగింది అని రాసి, ఇటు ఇంజినీరు, అటు గుత్తేదారు సంతకాలు చేయాలి. దానికి ఏ గతి పడుతుందో చెబుతా విను. గుత్తేదారు ప్రతి చినుకునూ అందులో రాయమంటాడు, ఎందుకంటే రాసిన ప్రతి రోజూ రేపు జరిమానా లేకుండా గడువు పొడిగింపు అడగడానికి పనికొస్తుంది. ఇంజినీరు సంతకం పెట్టడు, ఎందుకంటే పెడితే ఆలస్యం తన శాఖదని ఒప్పుకున్నట్టవుతుంది, రేపు మధ్యవర్తి ముందు అదే సాక్ష్యం. చివరికి ఏమవుతుందంటే, గడువు ముగిసే నెలలో ఇద్దరూ ఒక గదిలో కూర్చుని రెండేళ్ల అడ్డంకులను ఒక్క పూటలో రాసేస్తారు. సంతకాలన్నీ ఒకే సిరాతో ఉంటాయి. నిజం రాయమంటే జరిగేది ఇది.

ప్రణాళికాధికారి: ఆ రిజిస్టరు చెడిపోయింది నిజం రాయమన్నందుకు కాదు, బాబాయిగారూ, ఆ నిజాన్ని డబ్బు లెక్కకు మాత్రమే వాడుకున్నందుకు. వారపు నివేదికలో అడ్డంకి ఆ వారమే పడితే, అప్పటికి అది నలుగురూ చూస్తున్న సంగతి; కాలువలో నీరు ఉందా లేదా అన్నది ఆ వారం ఎవరూ కాదనలేరు. రెండేళ్ల తర్వాత రాస్తేనే బేరం మొదలవుతుంది. వారపు నివేదిక ఎం-బుక్కు నుంచి పుట్టడం మాని ఆ రిజిస్టరు నుంచి పుడితే, రిజిస్టరు కూడా దానంతటదే బాగుపడుతుంది.

ఇంజినీరు: బాగుపడుతుందేమో. కాని ఫలానా శాఖ భూమి అప్పగించలేదని రాయగానే ఆ శాఖవాళ్లు, మీరు పటాలు ఇవ్వలేదని ఉత్తరం రాస్తారు. దానికి జవాబు, జవాబుకు జవాబు. పని జరగదు, ఫైలు పెరుగుతుంది. అదే ‘సంప్రదింపులు జరుగుతున్నాయి’ అని రాసి, సాయంత్రం ఆ తహసీల్దారుతో టీ తాగితే నాలుగు రోజుల్లో పని అయిపోతుంది. మెత్తటి మాటకు కూడా ఒక ఉపయోగం ఉంది.

ప్రణాళికాధికారి: టీ తాగవద్దని ఎవరన్నారు? కాని ఆ టీ రెండు వారాల్లో ఫలించకపోతే? మెత్తటి మాటకు గడువు ఉండదు, చిక్కు అక్కడుంది. ‘తుది దశ’ అన్నది ఈ వారం నిజమే కావచ్చు. అదే మాట వరసగా మూడు వారాలు కనిపిస్తే పని ఆగిందనే అర్థం. పాత నివేదికలు మూడు తీసి పక్కపక్కన పెడితే చాలు, ఏ వాక్యం అక్షరం మారకుండా వస్తోందో అక్కడ అడ్డంకి ఉందని పట్టుకోవచ్చు. ఇక పేరు పెట్టడం అంటారా, శాఖ పేరు రాయడం వేరు, శాఖను నిందించడం వేరు. ‘రెవెన్యూవారి నిర్లక్ష్యం వల్ల’ అని రాస్తే తగవు. ‘ఫలానా సర్వే నంబర్ల భూమి అప్పగింత కావాలి, అప్పగింత ఉత్తర్వు రెవెన్యూ డివిజనల్ అధికారి ఇవ్వాలి, ఆయన కార్యాలయానికి కావలసిన పటాలు ఫలానా తేదీన పంపాం’ అని రాస్తే అందులో నింద లేదు. అంతకుమించి, పటాలు పంపలేదన్న ఉత్తరానికి తావు కూడా లేదు.

ఇక్కడ ప్రణాళికాధికారి ధవళేశ్వరం వైపు చూపించాడు. కాటన్ బ్యారేజీ వద్ద గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఎగురవేస్తారు. ఒక్కో హెచ్చరికకు ఏ లంకవాళ్లను ఎప్పుడు కదిలించాలి, పడవలు ఎక్కడ ఉంచాలి, గట్ల మీద కాపలా ఎవరు కాయాలి అన్నవి ముందే నిర్ణయమై ఉంటాయి. వరద నివేదిక ‘పరిస్థితి అదుపులో ఉంది, నీటిమట్టం పురోగతిలో ఉంది’ అని రాస్తే లంకల్లో ఒక్కరూ ఇల్లు కదలరు. అది ఒక అంకెను, దానికి ముడిపడిన పనిని చెబుతుంది గనుకనే కదులుతారు. ప్రాజెక్టు నివేదికకు ఇంతకంటే దూరపు ఆదర్శం వెతకనక్కరలేదని అతని వాదం.

ఇంజినీరు: నది ఎవరి ఉద్యోగాన్నీ తీయదు, అబ్బాయ్. గేజి చూసి 13 లక్షలు అని చెప్పినవాణ్ణి, ఎందుకు పెరగనిచ్చావని ఎవరూ తిట్టరు. పనిలో అలా కాదు. వందమంది వింటున్న సమీక్షలో, తెర మీద ముఖ్యమంత్రి, పక్కన కార్యదర్శి, వెనక విలేకరులు. అక్కడ ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు లేచి, ‘అయ్యా, ఈ లక్ష్యం ఈ ఏడు కుదరదు’ అంటే ఏమవుతుంది? ‘ఎందుకు కుదరదు, చేసి చూపించు’ అంటారు. పై వారం మరొకడు ఆ కుర్చీలో ఉంటాడు. అతనికి నీ అయిదు అంశాల నివేదిక ఇచ్చి ఏం లాభం? మెత్తటి మాట పిరికితనం కాదు, అది బతకనేర్చినతనం.

ఈ వాదన ముందు ప్రణాళికాధికారికి తొందరగా జవాబు దొరకలేదు, దొరకకపోవడమే న్యాయం. నివేదిక నిజాయితీ దాన్ని రాసేవాడి గుణం కంటే ఎక్కువగా చదివేవాడి మొదటి ప్రశ్న మీద ఆధారపడుతుంది. ‘ఎంత శాతం?’ అని మొదలయ్యే సమీక్షకు శాతాలే వస్తాయి, అవి పెరుగుతూనే వస్తాయి. సమీక్షించే వ్యక్తి శక్తిమంతుడైన కొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది గాని తగ్గదు, ఎందుకంటే ఆయనకు చెడ్డ కబురు చెప్పడం అంతకంతకు కష్టమవుతుంది.

ప్రణాళికాధికారి: ఆ మాట ఒప్పుకోక తప్పదు. అయితే దానికి మందు కూడా అక్కడే ఉంది. సమీక్ష ‘ఈ వారం ఏది ఆగింది, ఇక్కడ కూర్చున్నవాళ్లలో దాన్ని కదిలించగలవారెవరు’ అన్న ప్రశ్నతో మొదలైతే, అడ్డంకి లేదని చెప్పినవాడే సంజాయిషీ ఇవ్వవలసి వస్తుంది. ఇంకో కట్టుబాటు కూడా కావాలి: మొదటిసారి అడ్డంకి చెప్పినవాణ్ణి ఆ వారం ప్రశ్నించకూడదు, దాచి తర్వాత బయటపడితేనే ప్రశ్నించాలి. ఇలాంటి రెండు నియమాలు లేకుండా ఏ నమూనా పత్రం ఇచ్చినా, అందులోని ‘అడ్డంకులు’ అన్న గడిలో ‘లేవు’ అనే రాస్తారు.

ఇంజినీరు: అంటే ముందు పైవాళ్లు మారాలన్నమాట. అప్పటిదాకా?

ప్రణాళికాధికారి: అప్పటిదాకా చేయగలిగింది కొంచెమే. శాతాన్ని తీసేయనక్కరలేదు, కింది వరసకు దింపాలి. మొదటి వాక్యంలో మొత్తం పనిని పట్టి ఉంచిన ఒకే ఒక్క అడ్డంకిని రాయాలి, పదింటిని కాదు. పది రాస్తే మళ్లీ ఎవరూ చదవరు. అది పెద్దవాళ్లను అడగవలసిన నిర్ణయమైతే అలాగే అడగాలి, ‘దయచేసి తగు చర్య’ అని కాకుండా, ఏప్రిల్ 20న కాలువ కట్టాలా వద్దా అని. తెలియని చోట తెలియదని రాయాలి, దాన్ని ‘త్వరలో’ అని పిలవకూడదు.

ఇంజినీరు: శాతం ఉంచుతానంటే మిగిలినదానికి పేచీ లేదు. కాని ఒక్క విషయంలో మాత్రం ఈ ముసలాడి మాట నిలబడుతుంది: పోలవరంలో ఊళ్లు ఖాళీ కాలేదన్నది, కట్టకు ఖాళీ ఉందన్నది సమీక్షల్లో ఎవరికీ తెలియని రహస్యం కాదు. రాయకపోవడం వల్ల తెలియక పోలేదు.

ప్రణాళికాధికారి: అందరికీ తెలిసిందన్నది నిజమే. అందరికీ తెలిసిన విషయం ఎవరి పనీ కాకుండా పోకూడదనే రాత కావాలి, బాబాయిగారూ. తేదీతో, నిర్ణయించవలసిన మనిషితో కాగితం మీద పడనిది అందరి బాధ్యతై, చివరికి ఎవరి బాధ్యతా కాలేదు.

ఇంజినీరు దీనికి బదులు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు. పోలవరం స్థితిగతుల మీద రాష్ట్ర ప్రభుత్వం శ్వేతపత్రం విడుదల చేసింది 2024 జూన్ 28న. దెబ్బతిన్న గోడకు బదులు కొత్త డయాఫ్రం వాల్ పని మొదలైంది 2025 జనవరి 18న, పాత గోడ పూర్తయిందన్న ప్రకటన వెలువడిన ఆరున్నరేళ్ల తర్వాత.